ఫోటోలో వచ్చిన జవాబు ఎవరిది?

మా లెక్కల సార్ ఈ ఏడాది పదో తరగతి పిల్లలకు ఒక ఉత్తరం రాశారు. ఇంటిపని పుస్తకాలు దిద్దిన మరుసటి రోజు రెండు పేజీలు జిరాక్స్ తీయించి తలా ఒకటి ఇచ్చారు. అందులో తిట్లు లేవు, ఎవరి పేరూ లేదు. "ఫోటో తీసి జవాబు తెచ్చుకోవద్దని నేను చెప్పడం లేదు. తెచ్చుకున్న జవాబును సరిచూడండి, అర్థం చేసుకోండి, ఆ తరవాతే పుస్తకంలో రాయండి అంటున్నాను" అని మొదట్లోనే రాశారు.

ఆ ఉత్తరం మీద మా తరగతిలో రెండు మూడు రోజులు వాదన నడిచింది. సగం మంది "జవాబు సరిగ్గా ఉంటే చాలదా, ఎలా వచ్చిందని ఎందుకు?" అన్నారు. మిగతా సగం మంది "తప్పు వస్తే ఆ తప్పు ఫోనుదా, మనదా?" అన్నారు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఆ ఉత్తరంలో ఉన్న లెక్కలోనే దొరుకుతుందని నాకు అనిపించింది. కాబట్టి ముందు ఆ లెక్క చెప్తాను.

మా పావగడ తాలూకాలో సోలార్ పార్కు ఉన్న సంగతి అందరికీ తెలుసు. తిరుమణి, వల్లూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు ఊళ్ల దగ్గర సుమారు 13,000 ఎకరాల్లో పలకలు పరిచారు. మొత్తం 2,050 మెగావాట్లు. ఆ భూమిని రైతుల దగ్గర కొనలేదు, గుత్తకు తీసుకున్నారు. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. సార్ ఈ రేటుతోనే ఒక లెక్క తయారు చేసి ఇచ్చారు. ఒక రైతు భూమి వివరాలు పహాణిలో ఉన్నట్టే చిన్న పట్టికగా గీశారు. పై వరుసలో "విస్తీర్ణం, ఎకరా-గుంట" అని ఉంది. దాని కింద 4.20 అని ఉంది. ఆ కింద ప్రశ్నలు రెండు. మొదటి ఏడాది ఆ రైతుకు ఎంత గుత్త వస్తుంది? మూడో ఏడాది ఎకరాకు ఎంత వస్తుంది?

చాలా పుస్తకాల్లో మొదటి ప్రశ్నకు ఒకే జవాబు ఉంది, 88,200 రూపాయలు. అడుగులు కూడా ఒకేలా ఉన్నాయి. 4.20ని 21,000తో గుణిస్తే 88,200 వస్తుంది. గుణకారంలో పొరపాటు లేదు. క్యాలిక్యులేటర్‌తో నొక్కి చూసినా, చేత్తో చేసినా అంతే వస్తుంది. కానీ జవాబు తప్పు.

ఎందుకంటే పహాణిలో ఆ చుక్క దశాంశ బిందువు కాదు. చుక్కకు ముందు ఉన్నవి ఎకరాలు, తరవాత ఉన్నవి గుంటలు. ఎకరాకు 40 గుంటలు. 20 గుంటలంటే సరిగ్గా అరెకరా. బడికి పోని మా జేజిని అడిగినా ఈ మాట వెంటనే చెప్తుంది. కాబట్టి ఆ రైతు భూమి నాలుగున్నర ఎకరాలు. ఎకరాకు 21,000 అయితే గుంటకు 525 రూపాయలు. నాలుగెకరాలకు 84,000, ఇరవై గుంటలకు 10,500, మొత్తం 94,500. పుస్తకాల్లో ఉన్న జవాబుకూ దీనికీ తేడా 6,300 రూపాయలు. అది 12 గుంటల గుత్త. గుంటకు 1,089 చదరపు అడుగులు కాబట్టి, 30-40 సైట్లు దాదాపు పదకొండు పట్టేంత భూమి ఒక చుక్క దగ్గర మాయమైపోయింది.

ఇక్కడ మన సరిహద్దు కూడా గుర్తు పెట్టుకోవాలి. పావగడకు మూడు వైపులా ఆంధ్రే ఉంది. మడకశిర వైపు పోతే భూమిని సెంట్లలో చెప్తారు. ఎకరాకు 100 సెంట్లు. అక్కడ 4.20 అంటే నాలుగెకరాల ఇరవై సెంట్లు, అంటే దశాంశంలో కూడా 4.2 ఎకరాలే. అక్కడ 88,200 సరైన జవాబు అవుతుంది! అంకెలు అవే, చుక్క అదే, ఇటు వస్తే 94,500, అటు పోతే 88,200. మాలో చాలా మందికి రెండు వైపులా బంధువులున్నారు. మామ సెంట్లలో చెప్తే తాత గుంటల్లో చెప్తాడు. ఒక గుంట అంటే రెండున్నర సెంట్లు అని ఇళ్లల్లో మార్చుకుంటూనే ఉంటాం.

మరి ఫోను ఎందుకు పొరబడింది? దీనికి సార్ రాసిన కారణం నాకు బాగా నచ్చింది. ఫోటో తీసి జవాబు ఇచ్చే యాప్ రెండు పనులు చేస్తుంది. మొదటిది చదవడం. అంటే బొమ్మలో అక్షరాలు ఎక్కడున్నాయో వెతికి, ఒక్కో గుర్తు ఏదో గుర్తుపట్టి, వాటిని లెక్కగా మార్చుకోవడం. రెండోది ఆ లెక్క చేయడం. ఇలాంటి మామూలు గుణకారాల్లో రెండో పని దానికి సులువు. ఎక్కువగా చెడిపోయేది మొదటి పనే. 2014లో వచ్చిన ఫోటోమ్యాత్ అనే యాప్ కూడా మొదట్లో అచ్చు లెక్కలనే చదివేది, చేతిరాత చదవడం తరవాత వచ్చింది. చదవడం అంత కష్టమన్న మాట. గుణకారం గుర్తును x అనే అక్షరం అనుకోవచ్చు. 2 మీద చిన్నగా ఉన్న 3ని పక్కకు దించి 23 అని చదవచ్చు. వెలుతురు తక్కువైతే మైనస్ గీత కనిపించకుండా పోవచ్చు.

కానీ మా లెక్కలో యాప్ గుర్తులను తప్పు చదవలేదు. 4.20ని 4.20 అనే చదివింది. ఫోటో తీసినవాళ్లు అంకెలున్న వరుసను, కింది ప్రశ్నలను మాత్రం ఉంచి పైభాగం కత్తిరించారు. "ఎకరా-గుంట" అనే మాట ఫోటో బయట ఉండిపోయింది. ఆ చుక్కకు అర్థం చెప్పే మాటే దానికి అందలేదు. పైవరుస పెట్టి తీసి ఉంటే సరిగ్గా చెప్పేదేమో, చెప్పకపోయేదేమో. కానీ చూపించనిది అది చూడలేదు గదా. లెక్కలో ఏది ముఖ్యమో తెలిసినవాళ్లకే ఫోటోలో ఏది ఉండాలో కూడా తెలుస్తుంది. అర్థం చేసుకోవడం జవాబు వచ్చాక చేసే పని అనుకుంటాం. నిజానికి ఫోటో తీసేటప్పుడే అది కావాలి.

ఇప్పుడు సరిచూడడం గురించి. సార్ ఉత్తరంలో మొదట చెప్పింది, తెర మీద యాప్ చూపించే లెక్కను పుస్తకంలోని లెక్కతో పక్కపక్కన పెట్టి చదవమని. జవాబు వైపు చూడకముందే ఈ పని చేయాలి. గుర్తులు తప్పు చదివి ఉంటే ఇక్కడే దొరికిపోతుంది. మా లెక్క ఇక్కడ దొరకదు, ఎందుకంటే గుర్తులు సరిగ్గానే ఉన్నాయి.

రెండోది అంచనా. నాలుగెకరాలకు 84,000, ఐదెకరాలకు 1,05,000. జవాబు ఈ రెండింటి మధ్య ఉండాలి. 88,200 మధ్యలోనే ఉంది కాబట్టి ఈ పరీక్షలోనూ గట్టెక్కుతుంది! అంటే గుడ్డి అంచనా కూడా చాలదు. కానీ 20 గుంటలు అరెకరా అని తెలిసినవాడు ఇంకో మాట అడుగుతాడు. జవాబు 84,000కూ 1,05,000కూ నట్టనడుమ ఉండాలి గదా, 88,200 ఎందుకు 84,000 వైపు ఒరిగింది? ఈ ప్రశ్న పుట్టిన క్షణాన తప్పు దొరికినట్టే.

మూడోది వెనక్కి నడవడం. 88,200ని గుంట రేటు 525తో భాగిస్తే 168 గుంటలు వస్తాయి. అంటే నాలుగెకరాల ఎనిమిది గుంటలు. పట్టికలో ఇరవై గుంటలున్నాయి. పన్నెండు గుంటలు ఎక్కడికి పోయాయి? ఇక్కడ కూడా తప్పు దొరుకుతుంది. అయితే వెనక్కి నడవాలన్నా ఎకరాకు 40 గుంటలని తెలియాలి. తెలియనివాడు 88,200ని 21,000తో భాగించి 4.2 వచ్చిందని చూసి, సరిపోయిందని సంతోషపడతాడు.

"సరిచూడండి, అర్థం చేసుకోండి" అని సార్ రెండు మాటలు ఎందుకు వాడారో నాకు ఇక్కడే తెలిసింది. అర్థం లేకుండా సరిచూస్తే లెక్క తనతో తాను సరిపోయిందా అన్నది మాత్రం తెలుస్తుంది. అది ఆ రైతు భూమితో సరిపోయిందా అన్నది తెలియదు.

పక్కవాడి పుస్తకంతో కలిపి చూడడం కూడా ఇలాంటిదే. మా తరగతిలో పది మందికి 88,200 వచ్చింది కాబట్టి అదే సరైనదని ఆ రోజు గట్టిగా వాదించారు. కానీ ఆ పది మందీ ఒకే రకంగా కత్తిరించిన ఫోటో నుంచి తెచ్చుకున్నారు. ఒకడు చూసినదాన్ని తొమ్మిది మంది విని చెప్తే పది మంది సాక్షులు ఉన్నట్టు కాదు. చూసినవాడు ఒక్కడే. ఒకడు ఎకరాల్లో, ఇంకొకడు అన్నీ గుంటలుగా మార్చి, వేరు వేరు దారుల్లో చేసి ఒకే చోటికి వస్తే అప్పుడు ఆ రెండు జవాబులు ఒకదానికొకటి బలం.

రెండో ప్రశ్న చూడండి. మూడో ఏడాది ఎకరాకు ఎంత? చక్రవడ్డీ సూత్రం మనకు బాగా అలవాటు. ఏడాదికి 5 శాతం అనుకుని రెండు సార్లు పెంచితే 23,152 రూపాయల 50 పైసలు వస్తుంది. కొన్ని పుస్తకాల్లో అలాగే ఉంది. కానీ ప్రశ్నలో "రెండేళ్లకోసారి" అని ఉంది. మొదటి ఏడాది 21,000, రెండో ఏడాది కూడా 21,000, మూడో ఏడాదికి ఒక్క పెంపు. 21,000లో 5 శాతం 1,050. కాబట్టి 22,050. ఈసారి తప్పు రైతుకు లాభం వైపు పోయింది, ఎకరాకు 1,102 రూపాయల 50 పైసలు ఎక్కువ. ఇది పట్టుకోవడానికి సూత్రం అక్కర్లేదు. ఒకటి, రెండు, మూడు అని ఏళ్లు వరసగా రాసి, పక్కన ఏ ఏడు పెంపు వచ్చిందో గుర్తు పెడితే చాలు.

ఇక మొదటి ప్రశ్నకు వస్తాను. జవాబు సరైనదే వచ్చిందనుకుందాం. అప్పుడు చూసి రాస్తే నష్టమేంటి? నా స్నేహితుడు ఒక మాట అన్నాడు. "హిందూపురం బస్సు ఎక్కేటప్పుడు ఇంజన్ ఎలా తిరుగుతుందో తెలుసుకునే ఎక్కుతున్నామా? డ్రైవర్‌ని నమ్మి కూర్చుంటాం గదా. ఇదీ అంతే." ఈ మాటను తేలిగ్గా తీసెయ్యలేం. మనం రోజూ తెలియని విషయాలను నమ్మే బతుకుతాం. అన్నీ మనమే పరీక్షించాలంటే పొద్దు చాలదు.

కానీ తేడా ఉంది. బస్సులో మనకు కావలసింది హిందూపురం చేరడం. ఇంటిపనిలో సార్‌కు కావలసింది 94,500 అనే అంకె కాదు, అది ఆయన దగ్గర ముందే ఉంది. లెక్క తయారు చేసింది ఆయనే. ఆయన అడుగుతున్నది, ఈ పిల్లకు గుంట అంటే ఏంటో తెలుసా అని. చూసి రాసిన సరైన జవాబు "తెలుసు" అని చెప్తుంది. తెలియకపోతే అది అబద్ధమే. అంకె నిజమైనా, దాంతో మనం చెప్పిన మాట నిజం కాదు. ఆ అబద్ధం వల్ల నష్టపోయేది కూడా మనమే. పుస్తకంలో టిక్కు చూసి సార్ ఆ పాఠం మళ్లీ చెప్పకుండా ముందుకు పోతారు.

నమ్మకంలో ఇంకో సంగతి ఉంది. సర్వేయర్ కొలిచి రాస్తే కింద సంతకం పెడతాడు. రేపు తేడా వస్తే అతన్ని అడగవచ్చు. బస్సుకు డ్రైవర్ ఉన్నాడు, అతనికి లైసెన్స్ ఉంది. ఫోటో జవాబు కింద ఎవరి సంతకమూ లేదు. దాన్ని నా పుస్తకంలో, నా పేరు రాసిన అట్ట లోపల, నా చేతిరాతతో ఎక్కించిన రోజున ఆ సంతకం నేను పెట్టినట్టు. "తప్పు ఫోనుదా, మనదా?" అన్న ప్రశ్నకు నా జవాబు ఇదే. పొరపాటున చదివింది ఫోను కావచ్చు. కానీ ఇది నిజమని చెప్పింది రాసిన మనిషి.

ఈ మాట మా ఊళ్ల పెద్దలకు కొత్త కాదు. కాగితంలో ఏముందో చదవలేక, చదివి చెప్పేవాళ్లు లేక, చూపించిన చోట వేలిముద్ర వేసే మనుషులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు వేరే దారి లేదు. భూమి గుత్తకు ఇచ్చే ఇంట్లో పదో తరగతి పిల్ల ఉంటే, "ఎంత వస్తుందో లెక్క చూడమ్మా" అని ఆ కాగితం ఆమె చేతికే ఇస్తారు. ఆమె ఫోటో తీసి 88,200 అని చెప్తే ఇంట్లో ఎవరు అనుమానిస్తారు? చదువుకున్న పిల్ల చెప్పింది అనుకుంటారు. పుస్తకంలో తప్పు పోతే ఎర్ర గీత పడుతుంది. ఇంట్లో అదే తప్పు పోతే ఏడాదికి 6,300 పోయినా ఎవరికీ తెలియదు.

సార్ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా న్యాయంగా అనిపించింది ఒక మాట. "మీలో చాలా మంది ఇళ్లల్లో లెక్క చెప్పేవాళ్లు లేరని నాకు తెలుసు. అమ్మానాన్న కూలికి పోయి పొద్దు పోయాక వస్తారు. రాత్రి తొమ్మిదింటికి లెక్క అడ్డం పడితే మీకు దిక్కు ఆ ఫోనే కావచ్చు" అని రాశారు. ట్యూషన్‌కు పోగలిగే పిల్లలకు ఫోటో అవసరం తక్కువ. పోలేని పిల్లలకే ఎక్కువ. వాళ్లను ఫోటో తీయొద్దంటే చీకట్లో కూర్చోమన్నట్టే. కాబట్టి ఫోటో తీయడాన్నే తప్పు అనేవాళ్లతో నేను ఏకీభవించను. తెలియనివాళ్లకే సరిచూడడం కష్టం, వాళ్లకే అది ఎక్కువ అవసరం. ఈ చిక్కు నిజమైనదే.

ఆ చిక్కుకు సార్ చెప్పిన దారి చిన్నది. ఫోటోలో వచ్చిన అడుగులు ఒకసారి చదివి, ఫోను బోర్లా పెట్టి, అంకెలు మార్చి అదే లెక్క మళ్లీ చేయమన్నారు. 4.20 బదులు 3.10 పెట్టండి. మూడెకరాల పది గుంటలు, అంటే మూడుంపావు ఎకరాలు, 68,250 రూపాయలు. చేయగలిగితే ఆ లెక్క మీదయింది. ఎక్కడో ఆగిపోతే, ఆగిన అడుగు పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టి, జవాబు రాయకుండా ఖాళీ వదిలి తీసుకురమ్మన్నారు. "ఖాళీకి నేను మార్కు తగ్గించను. మీరు ఎక్కడ ఆగారో నాకు చెప్పేది ఆ ఖాళీయే" అని రాశారు.

పుస్తకంలో ఖాళీ వదలాలంటే మాకు సిగ్గు. పక్కవాడి పేజీ నిండుగా ఉంటే మన పేజీ చూసి నవ్వుతారేమోనని భయం. చూసి రాయడానికి బద్ధకం కన్నా ఈ భయమే ఎక్కువ కారణమని నేను అనుకుంటున్నాను. ఆ వారం తరవాత మా తరగతి పుస్తకాల్లో కొన్ని పెన్సిల్ చుక్కలు కనిపించాయి. అన్నిటికన్నా ఎక్కువ చుక్కలు పడింది గుంటలను ఎకరాలుగా మార్చే అడుగు దగ్గరే. సార్ ఆ ఒక్క అడుగును బోర్డు మీద మళ్లీ చెప్పారు. చుక్క తరవాత 39 దాటిన అంకె కనిపిస్తే అది గుంటలు కావడానికి వీల్లేదని, ఎందుకంటే 40 అయితే ఇంకో ఎకరా అయిపోతుందని, అప్పుడు చెప్పారు. 4.60 అని ఉంటే గుంటలు కావని అంకె చూసే చెప్పవచ్చు. 4.20 అని ఉంటే మాత్రం అంకె ఏమీ చెప్పదు, పైవరుస చదవాల్సిందే.